ముదురు పెదవుల మీద న్యూడ్ లిప్‌స్టిక్ బూడిదలా ఎందుకు తేలుతుంది, ఏ షేడ్ కొంటే సరిపోతుంది

"నాది నలుపు, చామనఛాయ అని కూడా అనలేను. పై పెదవి బాగా ముదురు గోధుమ రంగు, కింది పెదవి అంచు నలుపు, మధ్యలో మాత్రం గులాబీ. న్యూడ్ ఏది వేసినా బూడిద రాసుకున్నట్టుంటుంది, ఎరుపు వేస్తే పైది ఒక రంగు, కిందిది ఒక రంగు. డిసెంబరులో నా పెళ్ళి. ఆఫీసుకి ఒకటి, పెళ్ళికి ఒకటి, రెండే కొంటాను. ఏ షేడ్స్ తీసుకోను?"

చాలామంది ఒంటి రంగు దగ్గర మొదలుపెట్టి షేడ్ చెప్తారు. నేను మీ పెదవి దగ్గర మొదలుపెడతాను. పదమూడేళ్ళుగా విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తున్నాను, నా పెదవులు కూడా మీరు చెప్పినట్టే ఉంటాయి. లిప్‌స్టిక్ గోడకి వేసే పెయింట్ లాగా కింద ఉన్నదాన్ని మూసేయదు. అది చాలా పల్చటి పొర. వెలుతురు ఆ పొరలోంచి లోపలికి వెళ్ళి, పెదవిని తాకి, మళ్ళీ ఆ పొరలోంచే బయటికి వస్తుంది, కాబట్టి మనం చూసేది లిప్‌స్టిక్ రంగూ పెదవి రంగూ కలిసిన మూడో రంగు. లేత గులాబీ పెదవులున్నవాళ్ళకి ఆ మూడో రంగు దాదాపు ట్యూబులో కనిపించినట్టే ఉంటుంది. మన పెదవిలో మెలనిన్ ఎక్కువ, అది వెలుతురులో చాలా భాగాన్ని లోపలే ఉంచేసుకుంటుంది, అందుకే మన మీద ప్రతి షేడూ ఒకటి రెండు మెట్లు ముదిరి, కాస్త గోధుమ వైపుకో మెరూన్ వైపుకో జరుగుతుంది. షాపులో మీ పక్కనున్న అమ్మాయికి ఎర్రగా ఉన్నది మీకు మెరూన్‌గా రావడానికి కారణం ఇదే.

అన్నీ ముదురుతాయి అంటున్నాను కదా, మరి న్యూడ్ మాత్రం ముదరకుండా బూడిదలా ఎందుకు తేలుతుంది అంటే, అందులో కలిపిన తెలుపు వల్ల. మీ వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు ఉంటే దాని మీద ఒక చుక్క పాలు వేసి వేలితో పల్చగా రాసి చూడండి. తెల్లటి పాలు అక్కడ నీలం కలిసిన బూడిద రంగులో కనపడతాయి. తెల్లటి పొర పల్చగా ఉండి కింద నల్లగా ఉంటే కంటికి అలాగే తెలుస్తుంది. లేత న్యూడ్, పీచ్, బేబీ పింక్ లాంటి షేడ్లను లేతగా చెయ్యడానికి వాటిలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి కలుపుతారు. అది ముదురు పెదవి మీద పల్చగా పరుచుకున్నప్పుడు గ్రానైట్ మీద పాలు చేసిన పనే చేస్తుంది. అది మీ ఒంటి రంగు తప్పు కాదు, మీరు వెయ్యడం రాక కూడా కాదు. ఇంకో కోటు వేస్తే సర్దుకుంటుందేమో అని వేస్తాం, కానీ అప్పుడు బూడిద పోయి సున్నం వస్తుంది. పెదవి గీతల్లోకి ఆ తెలుపు దిగి, మాట్లాడుతుంటే గీత గీతా కనపడుతుంది.

డబ్బా మీద పదార్థాల జాబితాలో ఈ తెల్ల పొడిని టైటానియం డయాక్సైడ్ అనో, సిఐ 77891 అనో రాస్తారు. కానీ ఆ నంబరు కనపడగానే పక్కన పెట్టేయకండి. చాలా కంపెనీలు రంగులన్నీ "ఉండవచ్చు" అనే మాట కిందో, కూడిక తీసివేత గుర్తుల పక్కనో కలిపి ఒకేసారి అచ్చు వేస్తాయి, ఆ రకంలోని అన్ని షేడ్లకీ అదే జాబితా ఉంటుంది. అందుకే జాబితా కన్నా కంటికే ఎక్కువ పని చెప్పండి. లిప్‌స్టిక్ మూత తీసి ఆ కడ్డీని పక్కనుంచి చూడండి. రంగులో పాలు కలిపినట్టు, సుద్ద కలిపినట్టు మసకగా ఉంటే అది మనకి పనికిరాదు. ముదురు తేనె, బెల్లం అచ్చు, ఎండు ఖర్జూరం, మట్టికుండ, చింతపండు గుజ్జు, ఇలా లోపల్నుంచి రంగు ఉన్నట్టు కనిపించేది తీసుకోండి. ఈ పోలికలు అందం కోసం చెప్పడం లేదు, నేను సామాను కొనేటప్పుడు నిజంగా ఇలాగే ఏరుకుంటాను. బెల్లంలో పాలు కలిస్తే వచ్చే రంగు వద్దు, బెల్లం రంగు కావాలి.

ఇక న్యూడ్ అంటే ఎంత ముదురు ఉండాలి అనేది. డబ్బా మీద న్యూడ్ అని రాసినది ఎవరి ఒంటి రంగుకి న్యూడో చూడండి, ఎక్కువగా అది తెల్లటి ఒంటికి న్యూడ్. మీ న్యూడ్‌కి హద్దులు మీ ముఖంలోనే ఉన్నాయి. లేత వైపు హద్దు మీ చెంప రంగు, ముదురు వైపు హద్దు మీ పై పెదవి రంగు. షేడ్ ఈ రెంటి మధ్యలో పడాలి, చెంప కన్నా లేతగా ఉన్నది ఏదైనా మీ మీద బూడిదే. ఆ మధ్యలో కూడా పూర్తి గోధుమ రంగు తీసుకుంటే ముఖం వాడిపోయినట్టుంటుంది, జ్వరం వచ్చి లేచినట్టు. అందుకని గోధుమ రంగులో ఎరుపో గులాబీయో కలిసినది తీసుకోవాలి. ఏది కలవాలో మీ కింది పెదవి చెప్తుంది. అద్దం ముందు కింది పెదవిని వేలితో కాస్త కిందికి లాగి లోపలి భాగం చూడండి. అది దానిమ్మ గింజలా, నేరేడు వైపు ఉంటే మీకు గోధుమ, ప్లమ్ కలిసిన షేడ్లు కలుస్తాయి, వాటినే షాపుల్లో మావ్ బ్రౌన్, బెర్రీ న్యూడ్ అంటారు. అది ఇటుక వైపు, కాస్త నారింజ ఛాయ ఉన్న ఎరుపులా ఉంటే టెర్రకోటా, దాల్చినచెక్క, క్యారమెల్ రకాలు కలుస్తాయి. ఏ ఛాయ కలుస్తుందో తేల్చుకోవడానికి మణికట్టు మీద నరాలు పచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా అని చూడమంటారు గానీ, మన రంగుకి నరాలు సరిగ్గా కనపడవు, కనపడినా దాదాపు అందరికీ పచ్చగానే ఉంటాయి. ఆ పరీక్ష మీద టైమ్ పెట్టకండి.

షాపులో పరీక్ష ఎక్కడ చెయ్యాలనే దాంట్లోనే చాలామంది డబ్బులు పోతాయి. ముంచేతి మీద గీస్తాం. ఆ చర్మం మన పెదవి కన్నా లేత. కొందరు వేలి కొన మీద రాసి చూడమంటారు, పెదవి రంగుకి దగ్గరని. అది లేత పెదవులవాళ్ళకి నిజం. మన వేలి కొనల లోపలి వైపు అరచెయ్యి లాగే గులాబీగా, పెదవి కన్నా చాలా లేతగా ఉంటుంది. అక్కడ ముద్దుగా కనిపించిన షేడ్ ఇంటికొచ్చి పెదవికి వేస్తే వేరేదై కూర్చుంటుంది. నేను కనిపెట్టినది ఏంటంటే, వేళ్ళ కణుపుల మీద, అంటే పిడికిలి బిగిస్తే పైకి వచ్చే ఎముకల దగ్గర చర్మం మనలో ఎక్కువమందికి ముదురుగా ఉంటుంది, అది పై పెదవికి బాగా దగ్గర. చెయ్యి చాపి కణుపు మీద ఒక కోటు, పక్క కణుపు మీద రెండు కోట్లు వెయ్యండి. పది నిమిషాలు ఆగండి. షాపు దీపాల కింద కాదు, గుమ్మం బయటికి వచ్చి నీడలో చూడండి. అద్దం చుట్టూ పెట్టే ఆ పసుపు దీపాల కింద ప్రతి గోధుమ రంగూ వెచ్చగా, బాగానే కనపడుతుంది. బూడిద ఛాయ బయటపడేది పగటి నీడలో, ఆఫీసు ట్యూబులైట్ కింద. ఫోన్లో ఫోటో తీసుకుంటే బ్యూటీ ఫిల్టర్ తీసేసి తీసుకోండి, చాలా ఫోన్లు మనం అడగకుండానే ముఖాన్ని తెల్లగా చేసేస్తాయి.

టెస్టర్‌ని నేరుగా పెదవికి రాయొద్దు, అది ఎంతమంది మూతికి తగిలిందో తెలియదు. పెదవి మీదే చూడాలనిపిస్తే కొత్త ఇయర్‌బడ్ అడగండి, పైన స్పిరిట్‌తో తుడిపించి, కడ్డీ పక్కభాగం నుంచి తీసుకోండి.

ఇప్పుడు రెండు రంగుల పెదవి సంగతి. పైది ముదురు, కింద మధ్యలో గులాబీ ఉన్నప్పుడు ఒకే లిప్‌స్టిక్ రెండు రంగులు చూపిస్తుంది, ఎందుకంటే కింద ఉన్నవి రెండు రకాలు. షేడ్ ఎంత మార్చినా ఇది పోదు. దీనికి మందు లిప్ పెన్సిల్. పెన్సిల్ అంటే అంచు గీసుకోవడానికే అనుకుంటారు, మన పెదవికి మాత్రం అది కింద వేసే పూత. మీ పై పెదవి రంగుకి సరిగ్గా సరిపోయే ముదురు గోధుమ పెన్సిల్, ఎరుపు కాస్త కలిసినది ఒకటి తీసుకుని, కింది పెదవి మధ్యలో ఉన్న గులాబీ మీద మొత్తం నింపెయ్యండి. పై పెదవిని నింపక్కర్లేదు, అంచు సర్దితే చాలు. అంటే పై పెదవిని లేత చెయ్యడానికి బదులు కింది పెదవిని పైదాని దగ్గరికి తీసుకొస్తున్నాం. ఇది తేలిక, ఎక్కువసేపు నిలుస్తుంది, తిన్నాక చెదిరినా పెద్దగా తెలియదు. దాని మీద ఏ న్యూడ్ వేసినా ఇప్పుడు రెండు పెదవులూ ఒకే రంగులో వస్తాయి. ఆఫీసుకి ఇంతే చాలు, పెన్సిల్ నింపి పైన కాస్త లిప్ బామ్ అద్దుకున్నా మంచి న్యూడ్ అయిపోతుంది.

పై పెదవిని లేత చేసే దారి కూడా ఉంది, కానీ అది పెళ్ళి లాంటి రోజుకి, రోజూ కాదు. పార్లర్లలో చాలాచోట్ల పెదవి మీద ఫౌండేషనో కన్సీలరో పూసి నలుపుని మూసేస్తారు, పైన లిప్‌స్టిక్ వేస్తారు. ఇది నాకు అస్సలు ఇష్టం లేని పని. నా మేనకోడలి నిశ్చితార్థానికి నేను ఊళ్ళో లేకపోతే ఒక పార్లర్లో చేయించుకుంది. పెదవుల మీద మందంగా కన్సీలర్ పూసి, దాని మీద గులాబీ లిక్విడ్ మ్యాట్ వేశారు. ఫోటోల మొదటి గంట బాగానే ఉంది. స్వీటు తినిపించుకున్నాక లోపలి అంచు దగ్గర లిప్‌స్టిక్ పోయి కింద తెల్లటి గీత బయటపడింది, అక్కణ్ణించి ఆల్బమ్‌లో ప్రతి నవ్వులోనూ ఆ గీత ఉంది. అది ఇప్పటికీ ఆ ఆల్బమ్ తియ్యదు, నాకు ఆ మాట తలుచుకుంటే బాధగా ఉంటుంది. లేత పూత కింద ఉంటే పైపొర ఎక్కడ చెదిరినా అక్కడ తెలుపు కనపడుతుంది. ముదురు పూత కింద ఉంటే చెదిరిన చోట మీ పెదవి రంగే కనపడుతుంది.

తప్పనిసరిగా పై పెదవి ముదురు తగ్గించాలి అంటే నారింజ కరెక్టర్ వాడండి. మెలనిన్ ముదురులో నీలం, బూడిద ఛాయ ఉంటుంది, నారింజ దాన్ని కొడుతుంది. లేత పీచ్ కరెక్టర్ మన రంగుకి పనిచెయ్యదు, దాంట్లోనూ తెలుపే ఉంటుంది. మీ రంగుకి బాగా పండిన నారింజ, కొంచెం ఇటుక వైపు ఉన్నది కావాలి. బియ్యపు గింజలో సగం చాలు, పై పెదవికి మొత్తానికి. వేలి కొనతో రుద్దకుండా తట్టండి, కింది పెదవిలో నల్లగా ఉన్న అంచు మీద మిగిలినది తట్టండి, గులాబీ భాగం మీద అస్సలు వద్దు. టిష్యూ పెట్టి అద్దేయండి. సరిగ్గా పడిందా లేదా ఎలా తెలుస్తుందంటే, అద్దంలో పెదవి నారింజగా కనపడకూడదు, కాస్త ఎర్రబడ్డ గోధుమ రంగులో కనపడాలి. నారింజగా కనపడితే ఎక్కువ పడినట్టు, పైన ఏ ఎరుపు వేసినా టమాటాలా వస్తుంది.

ఎరుపు విషయానికి వద్దాం, మీ పెళ్ళి ప్రశ్న ఇదే కదా. పైన చెప్పిన లెక్క ఇక్కడ మనకి పనికొస్తుంది. మన పెదవి మీద ప్రతిదీ ముదురుతుంది కాబట్టి, మీరు చూడాలనుకున్న ఎరుపు కన్నా ఒక మెట్టు వెలుగున్నది, ఒక మెట్టు నారింజ వైపు ఉన్నది కొనాలి. ట్యూబులో మిరపపండు ఎరుపు, ఇటుక ఎరుపు ఉన్నది మీ పెదవి మీద నిండైన కుంకుమ ఎరుపు అవుతుంది. ట్యూబులో కుంకుమ ఎరుపు ఉన్నది మెరూన్ అవుతుంది. ట్యూబులోనే మెరూన్, వైన్ ఉన్నది తీసుకుంటే పై పెదవి మీద దాదాపు నల్లగా పడుతుంది, ఫోటోల్లో పెదవి ఆకారమే కనపడదు. పెళ్ళికి మెరూన్ బాగుంటుందని అందరూ మెరూన్ కొనేస్తారు, మీరు మాత్రం ఇటుక ఎరుపు దగ్గర చూడండి. ఒక గుర్తు కోసం చెప్తాను, మ్యాక్ వాళ్ళ షేడ్లలో చిలీ ఈ ఇటుక ఎరుపు జాతిది, రూబీ వూ నీలం ఛాయ ఉన్న ఎరుపు. అవే కొనమనడం లేదు, కౌంటర్లో ఆ రెండూ పక్కపక్కన కణుపుల మీద గీసి చూస్తే వెచ్చటి ఎరుపుకీ చల్లటి ఎరుపుకీ తేడా కంటికి పట్టేస్తుంది, ఆ తర్వాత ఏ కంపెనీలో అయినా, ఎంత తక్కువ ధరలో అయినా మీరే ఏరుకోగలరు. నీలం ఛాయ ఎరుపు మనకి పడదని కాదు, అది పళ్ళని తెల్లగా చూపిస్తుంది, ముఖం మీద గట్టిగా తెలుస్తుంది, రిసెప్షన్‌కి పట్టుచీర కాకుండా నీలమో నలుపో వేసుకున్నప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది.

పెళ్ళి పీటల మీద మాత్రం వెచ్చటి ఎరుపే ఎందుకు అంటున్నానంటే, ఆ రోజు మీ ముఖం మీద మీరు ఎంచుకోని రంగులు రెండు ఉంటాయి. ఒకటి పసుపు, మంగళస్నానంలో రాసినది ఎంత కడిగినా చెవుల దగ్గర, మెడ మీద, నుదుటి అంచున మిగులుతుంది. రెండోది బొట్టు. ఎర్రటి కుంకుమ బొట్టు ముఖం మధ్యలో ఉండగా దాని కింద నీలం ఛాయ గులాబీ పెదవి ఉంటే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పైగా మధుపర్కాలు తెల్లచీర, ఎర్ర అంచు. తెలుపు ముఖానికి దగ్గరగా ఉన్నప్పుడు మసక షేడ్ ఏదైనా ఇంకా మాసినట్టు కనపడుతుంది. రాణి పింక్ చాలామంది అడుగుతారు, అది సంగీత్‌కో రిసెప్షన్‌కో మీ రంగు మీద నిజంగా వెలుగుతుంది, దాంట్లో తెలుపు లేకుండా నిండు రంగు ఉంటే. తలంబ్రాల దగ్గర మాత్రం బొట్టుతో కలిసే ఎరుపే వెయ్యండి.

పోయిన మాఘమాసంలో నేను చేసిన ఒక పెళ్ళికూతురి సంగతి చెప్తాను, రంగు దాదాపు మీరు రాసినట్టే. ఆ అమ్మాయి తను కొనుక్కున్న లిప్‌స్టిక్ తెచ్చింది, ముదురు మెరూన్ లిక్విడ్ మ్యాట్. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి, వీడియో లైట్లు తెల్ల ఎల్ఈడీలు. పెళ్ళికి పది రోజుల ముందు ట్రయల్ పెట్టాను. ముందు తన మెరూన్‌ని తన పద్ధతిలోనే వేసి, తెల్ల లైటు కింద ఫోటో తీసి చూపించాను. పై పెదవి నల్లటి గీతలా ఉంది, కింది పెదవి మధ్యలో మాత్రం మెరూన్ వచ్చింది. తుడిచేసి, పావుగంట బామ్ పెట్టి ఉంచి, ఆ బామ్‌ని పూర్తిగా టిష్యూతో తీసేశాను, జిడ్డు ఉంటే పెన్సిల్ పట్టదు. పై పెదవి మీద నారింజ కరెక్టర్ తట్టాను. తర్వాత ఇటుక రంగు పెన్సిల్‌తో రెండు పెదవులూ నింపాను, అంచు మన పెదవి సహజంగా ఎక్కడ ఆగుతుందో అక్కడే, బయటికి గీయలేదు. దాని మీద ఇటుక ఎరుపు క్రీమ్ లిప్‌స్టిక్ బ్రష్‌తో పల్చగా ఒక కోటు, టిష్యూ అద్ది, టిష్యూ ఒక పొర పెదవి మీద ఉంచి పైనుంచి పౌడర్ కొంచెం, మళ్ళీ రెండో కోటు. ఆఖర్న తను తెచ్చుకున్న మెరూన్‌ని పెదవి మూలల్లో మాత్రం చిటికెడు రాసి వేలితో కలిపాను, డబ్బు పెట్టి కొనుక్కుంది కదా. ఫోటోలో రెండు పెదవులూ ఒకటే ఎరుపు, బొట్టుకి కాస్త ముదురు. వాళ్ళమ్మగారు పక్కనుంచి చూసి "ఇది తాంబూలం వేసుకున్నట్టు పండింది" అన్నారు. నేను కావాలనుకున్నది సరిగ్గా ఆ రంగే. పెళ్ళి రోజు జీలకర్ర బెల్లం అయ్యాక, భోజనం అయ్యాక ఒక్కసారి కింది పెదవి లోపలి అంచు సర్దాను, అంతే.

ఏ రకం కొనాలి అంటే, పెళ్ళికి క్రీమ్ లేదా సాటిన్ కడ్డీ అంటాను. లిక్విడ్ మ్యాట్ రెండు రంగుల పెదవిని బాగా మూస్తుంది, నిజమే, కానీ అందులో ఉన్న తేలిక ద్రవం ఆవిరైపోయి రంగు పొర మాత్రం మిగులుతుంది, ఆరాక తడిగా ఉన్నప్పటి కన్నా ముదురుతుంది, డిసెంబరు చలిలో పెదవి పగిలి ఉంటే ఆ పగుళ్ళన్నీ ఎత్తి చూపిస్తుంది. లిక్విడ్ మ్యాటే కావాలంటే షేడ్‌ని తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించొద్దు. టింట్లు, లిప్ ఆయిల్స్ లాంటి పల్చటివి మీ రెండు రంగుల్ని మూయవు. కానీ బెర్రీ, నేరేడు రంగు టింట్ ఒకటి మాత్రం మన పెదవికి అందంగా ఉంటుంది, ఎందుకంటే అది పెదవి రంగుతో తగాదా పడకుండా దాన్నే ముదురు ఎరుపు చేస్తుంది. అద్దం చూసుకునే టైమ్ లేని రోజుల్లో నేను అదే వాడతాను.

వేసినప్పుడు ఒక రంగు, గంటకి ఇంకో రంగు అయ్యే లిప్‌స్టిక్‌లు మీకు తగిలే ఉంటాయి. పీచ్ అని కొంటే మధ్యాహ్నానికి కొట్టొచ్చినట్టు పింక్ అవుతుంది. అందులో పెదవి తడికి, ఆమ్లానికి రంగు మారే డై ఉంటుంది, జాబితాలో సిఐ 45410 లేదా సిఐ 45380 అని కనపడుతుంది. క్రీమ్ అరిగిపోయాక కూడా అది పెదవికి పట్టుకుని ఉంటుంది. మన కింది పెదవి మధ్యలో లేతగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పింక్ బాగా తెలుస్తుంది, పై పెదవి మీద తెలియదు, అలా రెండు రంగుల తేడా ఇంకా పెరుగుతుంది. న్యూడ్ కొనేటప్పుడు ఈ నంబర్లున్నది వదిలేయండి. ఎరుపు, బెర్రీల్లో ఉంటే ఫరవాలేదు, పైగా ఎక్కువసేపు నిలుస్తుంది.

పెదవి నలుపు పుట్టుకతో ఉన్నదైతే దాన్ని తెల్లబరిచే క్రీముల జోలికి పోవద్దు, పెళ్ళి ముందు అసలే వద్దు, పెదవి పొక్కితే ఏ షేడూ కూర్చోదు. నిమ్మరసం, పంచదార రుద్దడం కూడా అంతే, మంట పుట్టి తగ్గాక ఇంకా నల్లబడే ప్రమాదం ఉంది. కానీ ఇదివరకు లేని నలుపు ఈ మధ్యే వచ్చింది, లేదా ఫలానా లిప్‌స్టిక్ వేస్తే దురద పెట్టి పొట్టు రేగుతోంది అంటే ఆ లిప్‌స్టిక్ ఆపేసి చర్మం డాక్టరుకి చూపించండి. ఒకే చోట మచ్చ వచ్చి పెరుగుతున్నా అంతే. అది మేకప్‌తో తేలే సంగతి కాదు.

మీరు రెండే కొంటానన్నారు, నేను మూడు కొనమంటాను, మూడోది పెన్సిల్. పై పెదవి రంగులో ఎరుపు కలిసిన ముదురు గోధుమ పెన్సిల్ ముందు కొనండి. ఆఫీసుకి మీ కింది పెదవి లోపల దానిమ్మ రంగు కనిపిస్తే ప్లమ్ కలిసిన గోధుమ, ఇటుక కనిపిస్తే టెర్రకోటా, రెండిట్లో ఏదైనా చెంప కన్నా ముదురుగా, క్రీమ్ రకంలో. పెళ్ళికి ఇటుక ఎరుపు. ఇప్పుడే కొనేసి, ఒక సాయంత్రం తెల్లచీర ఒంటి మీద వేసుకుని, బొట్టు పెట్టుకుని, ట్యూబులైట్ కింద ఒకసారి, మర్నాడు పొద్దున వరండా నీడలో ఒకసారి ఫోటో తీసుకోండి. రెండిట్లోనూ పై పెదవి ఆకారం స్పష్టంగా కనపడుతుంటే షేడ్ సరైనదే. పై పెదవి చీకటిలా కలిసిపోతే షేడ్ మార్చక్కర్లేదు, కరెక్టర్ తట్టి మళ్ళీ తీసి చూడండి, అప్పటికీ కలిసిపోతుంటే అదే ఎరుపులో ఇంకో మెట్టు నారింజ వైపు ఉన్నది తీసుకోండి.